నాలుగు శీర్షికల్లో ఒక పరిశోధన

పరిశోధన పత్రం మొదట్లో ఉండే చిన్న పాఠాన్ని సారాంశం అంటారు. పరిశోధన ఎందుకు చేశారు, ఎలా చేశారు, ఏం తేలింది, దాన్నిబట్టి ఏం చెప్పవచ్చు అన్న నాలుగు విషయాలు అందులో ఉండాలి. పాత పద్ధతిలో ఈ నాలుగూ ఒకే పేరాలో, ఏ వరుసలో పడితే ఆ వరుసలో కలిసిపోయి ఉండేవి. వాటిని విడదీసి నేపథ్యం, పద్ధతులు, ఫలితాలు, ముగింపు అన్న శీర్షికల కింద రాస్తే దాన్ని స్ట్రక్చర్డ్ అబ్‌స్ట్రాక్ట్ అంటారు. తెలుగులో శీర్షికల సారాంశం అనుకోవచ్చు.

ఈ పద్ధతి వైద్య పత్రికల నుంచి వచ్చింది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయాన్ హేన్స్ తదితరులు సభ్యులుగా ఉన్న ఒక బృందం 1987లో ‘ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’ పత్రికలో దీన్ని ప్రతిపాదించింది. రోగిని చూస్తూ తీరిక లేకుండా ఉండే డాక్టరు ఒక పత్రం తనకు పనికొస్తుందో లేదో నిమిషంలో తేల్చుకోగలగాలన్నది వారి ఉద్దేశం. రోగులు ఎవరు, ఎంతమంది, ఏ చికిత్స ఇచ్చారు అన్నవి ఎక్కడ వెతకాలో ముందే తెలిస్తే ఆ పని సులువవుతుంది. కొన్నేళ్లలోనే చాలా వైద్య పత్రికలు ఈ పద్ధతికి మారాయి.

అయితే పాత సారాంశాన్ని కొత్త రూపంలోకి మార్చడమంటే పేరా మధ్యలో నాలుగు శీర్షికలు దూర్చడం కాదు. ప్రతి వాక్యం ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో చూసి దాని చోట దాన్ని పెట్టాలి. అలా పెట్టాక ఖాళీగా మిగిలిన చోట్లను పత్రం చూసి నింపాలి. ఈ ఖాళీలు బయటపడటమే శీర్షికల వల్ల కలిగే పెద్ద ప్రయోజనం. ఒకే పేరాలో ఉన్నప్పుడు లేని సమాచారం లేనట్టు కనిపించదు. శీర్షిక కింద చూస్తే లోటు వెంటనే తెలుస్తుంది.

ఉదాహరణగా ఒక పాత పరిశోధన

ఈ పని ఎలా సాగుతుందో చూడటానికి వైద్య చరిత్రలో పేరున్న ఒక పరిశోధనను తీసుకోవచ్చు. క్షయ వ్యాధికి స్ట్రెప్టోమైసిన్ మందు పనిచేస్తుందా అని బ్రిటన్‌లోని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ జరిపిన పరీక్ష అది. ఫలితాలు ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో 1948 అక్టోబరు 30న వచ్చాయి. గణాంక శాస్త్రవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ రూపొందించిన ఈ పరీక్షలో ఏ రోగికి ఏ చికిత్స అన్నది యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక నిర్ణయించింది. శీర్షికల సారాంశాలు అప్పటికి లేవు. ఆ పరిశోధన వివరాలతో, సాధారణంగా కనిపించే లోపాలన్నీ ఉండేలా అభ్యాసం కోసం కూర్చిన పేరా ఇది. వాక్యాలకు వరుస సంఖ్యలు వేయడం మార్పులో మొదటి మెట్టు కాబట్టి అవి కూడా ఇక్కడే ఉన్నాయి.

> (1) ఊపిరితిత్తుల క్షయకు స్ట్రెప్టోమైసిన్ బాగా పనిచేస్తుందని ఈ పరిశోధనలో తేలింది. (2) 1944లో అమెరికాలో ఈ మందు సంగతి వెల్లడైనప్పటి నుంచి ఎన్నో ఆశలు పుట్టాయి కానీ, క్షయ కొందరిలో దానంతటదే తగ్గే జబ్బు కాబట్టి, మందు ఇవ్వని వారితో పోల్చకుండా దాని గుణం తేల్చడం కష్టం. (3) బ్రిటన్‌లో మందు నిల్వలు చాలా తక్కువ. (4) రెండు ఊపిరితిత్తులకూ తీవ్రమైన క్షయ సోకిన యువతీయువకుల్లో కొందరికి మందు ఇచ్చి మంచం మీద విశ్రాంతిగా ఉంచారు, మిగతా వారికి విశ్రాంతి మాత్రమే ఇచ్చారు. మందు అందిన వారిలో నలుగురు, అందని వారిలో 14 మంది చనిపోయారు. (5) మందును రోజుకు 2 గ్రాముల చొప్పున ఆరు గంటలకో ఇంజెక్షన్‌గా ఇచ్చారు. (6) మందు అందిన వారిలో 51 శాతం మందికి ఎక్స్‌రేలో ఎంతో మెరుగుదల కనిపించడం సంతోషకరం. (7) కొన్ని నెలల తర్వాత చాలామంది పరిస్థితి మళ్లీ దిగజారింది, క్రిములు మందుకు లొంగకుండా పోవడం దీనికి కారణం కావచ్చు. (8) కొందరికి తల తిరగడం వంటి ఇబ్బందులు వచ్చాయి. (9) ఎక్స్‌రేలను ఎవరికి ఏ చికిత్స అందిందో తెలియని ముగ్గురు చదివారు. (10) క్షయ చికిత్సలో కొత్త యుగం మొదలైంది.

పైపైన చదివితే ఇందులో అన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది. విడదీయడం మొదలుపెట్టాకే అసలు సంగతి తెలుస్తుంది.

వాక్యాలను వేరుచేయడం

ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది ఎందుకు అన్నదానికి జవాబా, ఎలా అన్నదానికా, ఏం తేలింది అన్నదానికా, దాని అర్థమేమిటి అన్నదానికా అని అడగాలి. 2, 3 వాక్యాలు ఎందుకు అన్నదానికి జవాబులు. అవి నేపథ్యంలోకి వెళ్తాయి. 5, 9 వాక్యాలు చేసిన పని గురించి చెబుతున్నాయి కాబట్టి పద్ధతుల్లోకి వెళ్తాయి. 8వ వాక్యం ఫలితం. 1, 10 వాక్యాలు పరిశోధన అర్థం గురించినవి కాబట్టి ముగింపుకు చెందుతాయి. పేరా మొదట్లో ఉంది కదా అని 1వ వాక్యాన్ని నేపథ్యంలో ఉంచడం చాలామంది చేసే పొరపాటు. వాక్యం ఉన్న చోటును బట్టి కాకుండా అది చెప్పే విషయాన్ని బట్టి దాన్ని పంచాలి.

మిగిలిన 4, 6, 7 వాక్యాలు ఏ ఒక్క శీర్షికకూ పూర్తిగా చెందవు. 4వ వాక్యంలో ‘విశ్రాంతి మాత్రమే ఇచ్చారు’ దాకా చేసిన పని ఉంది, ఆ తర్వాత ఫలితం ఉంది. దాన్ని రెండు ముక్కలు చేయాలి. 6వ వాక్యంలో 51 శాతం అన్నది ఫలితం, ‘సంతోషకరం’ అన్నది రాసినవారి అభిప్రాయం. ఫలితాల కింద అభిప్రాయానికి చోటు లేదు కాబట్టి ఆ మాట తీసేయాలి. 7వ వాక్యంలో పరిస్థితి దిగజారడం చూసిన విషయం, దానికి ఫలానాది కారణం కావచ్చనడం ఊహ. చూసింది ఫలితాల్లోకి, ఊహ ముగింపులోకి వెళ్తాయి.

ఇలా పంచేటప్పుడు క్రియాపదం మంచి గుర్తుగా పనిచేస్తుంది. ‘ఇచ్చారు’, ‘కొలిచారు’, ‘చదివారు’ అని పరిశోధకులు కర్తలుగా ఉంటే అది సాధారణంగా పద్ధతి. ‘చనిపోయారు’, ‘కోలుకున్నారు’, ‘కనిపించింది’ అని రోగులో కొలతలో కర్తలుగా ఉంటే అది ఫలితం. ‘కావచ్చు’, ‘అని చెప్పవచ్చు’, ‘సూచిస్తోంది’ అన్న మాటలు వస్తే అది ముగింపుకు చెందిన సంగతి.

ఖాళీలు బయటపడే చోటు

పంపకం అయ్యాక ఒక్కో శీర్షిక కింద ఏం చేరిందో చూడాలి. నేపథ్యంలో మందు చరిత్ర ఉంది, కానీ పరిశోధన ఏ ప్రశ్నకు జవాబు వెతికిందో చెప్పే వాక్యం లేదు. ఈ ఉద్దేశ వాక్యం లేకపోతే ఫలితాలను దేనితో సరిపోల్చి చూడాలో చదివేవారికి తెలియదు. మందు నిల్వలు తక్కువన్నది చారిత్రకంగా ముఖ్యమే. అందరికీ సరిపడా మందు లేనందువల్లే కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకుండా పరీక్షించడం సబబని నిర్వాహకులు భావించారు. అయినా అది పత్రంలో ఉండాల్సిన వివరణే తప్ప సారాంశంలో ఉండక తప్పని విషయం కాదు. చోటు చాలనప్పుడు మొదట వదులుకోవాల్సింది ఇలాంటి వాక్యాన్నే.

పద్ధతుల్లో ఖాళీలు ఎక్కువ. రోగులు ఎంతమంది? వారిని రెండు బృందాలుగా ఎలా విడదీశారు? వయసు ఎంత? ఎంతకాలం గమనించారు? పేరాలో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. ‘కొందరికి మందు ఇచ్చి’ అన్న మాట అన్నిటికంటే ప్రమాదకరం. ఆ కొందరిని డాక్టర్లే ఎంచుకుంటే, కోలుకునేలా ఉన్నవారికే మందు ఇచ్చారన్న అనుమానానికి తావుంటుంది. పంపకం యాదృచ్ఛికంగా జరిగిందన్న ఒక్క సంగతితో ఆ అనుమానం పోతుంది. ఈ పరిశోధనకు ప్రాణమైన విషయం సారాంశంలోనే లేదని శీర్షికలు పెట్టాక గానీ కనిపించలేదు.

ఫలితాల్లో ఉన్న అంకెలు సగమే. నలుగురు, 14 మంది చనిపోయారని చెప్పారు గానీ ఎంతమందిలో అన్నది చెప్పలేదు. ఒక బృందంలో 51 శాతం మంది మెరుగయ్యారని చెప్పి, రెండో బృందం సంగతి వదిలేశారు. పోలిక లేని శాతానికి అర్థం లేదు. మందు అందని వారిలోనూ 45 శాతం మంది మెరుగై ఉంటే 51 శాతం పెద్ద విషయమే కాదు.

ఈ ఖాళీలన్నిటినీ పత్రం నుంచే నింపాలి. జ్ఞాపకం మీదా ఊహ మీదా ఆధారపడకూడదు, వేరే పత్రంలో చదివింది కలపకూడదు. 1948 నాటి పత్రంలో ఈ వివరాలన్నీ ఉన్నాయి. మొదట 109 మందిని తీసుకున్నారు. ప్రాథమిక పరిశీలనలో ఉండగానే ఇద్దరు చనిపోగా 107 మంది మిగిలారు. వారిలో 55 మందికి మందూ విశ్రాంతీ, 52 మందికి విశ్రాంతి మాత్రమే అందాయి. ఎక్స్‌రేలో ఎంతో మెరుగుదల కనిపించిన వారు మొదటి బృందంలో 28 మంది, రెండో బృందంలో నలుగురు. అవసరమైన సమాచారం పత్రంలోనూ లేకపోతే ఆ చోటును ఖాళీగానే వదిలి, రచయితను అడగాలి. సారాంశం మార్చేవారు లేని అంకెను తయారు చేయకూడదు.

తిరగరాసిన రూపం

పంచిన ముక్కలను ఇలా నింపి, మిగులు మాటలు తీసేస్తే సారాంశం ఈ రూపానికి వస్తుంది.

> నేపథ్యం: ఊపిరితిత్తుల క్షయలో స్ట్రెప్టోమైసిన్ ఆశ కలిగించినా, జబ్బు కొందరిలో దానంతటదే తగ్గుతుంది కాబట్టి పోలిక లేని పరిశీలనలతో మందు గుణం తేలలేదు. మంచం మీద విశ్రాంతితో పాటు ఈ మందు కూడా ఇస్తే విశ్రాంతి ఒక్కటే ఇచ్చినదానికంటే మేలు కలుగుతుందా అన్నది తేల్చడం ఈ పరిశోధన ఉద్దేశం.
>
> పద్ధతులు: రెండు ఊపిరితిత్తులకూ తీవ్రమైన క్షయ ఇటీవలే సోకి, కఫంలో క్రిములు నిర్ధారణ అయిన 15–30 ఏళ్ల వయసు రోగులు 107 మందిని పలు ఆసుపత్రుల్లో చేర్చుకున్నారు. యాదృచ్ఛిక సంఖ్యల ఆధారంగా, సీలు వేసిన కవర్ల ద్వారా 55 మందిని మందు–విశ్రాంతి బృందానికి, 52 మందిని విశ్రాంతి బృందానికి కేటాయించారు. మందును రోజుకు 2 గ్రాములు, నాలుగు ఇంజెక్షన్లుగా ఇచ్చారు. ఆరు నెలల చివర మరణాలనూ ఎక్స్‌రేలో మార్పునూ లెక్కించారు. ఎవరికి ఏ చికిత్స అందిందో తెలియని ముగ్గురు నిపుణులు ఎక్స్‌రేలను చదివారు.
>
> ఫలితాలు: ఆరు నెలల్లో మందు బృందంలో 55 మందిలో నలుగురు (7 శాతం), విశ్రాంతి బృందంలో 52 మందిలో 14 మంది (27 శాతం) చనిపోయారు. ఎక్స్‌రేలో ఎంతో మెరుగుదల మొదటి బృందంలో 28 మందిలో (51 శాతం), రెండో బృందంలో నలుగురిలో (8 శాతం) కనిపించింది. మందు బృందంలో మెరుగుదల మొదటి మూడు నెలల్లో ఎక్కువగా ఉంది. తర్వాత చాలామంది పరిస్థితి దిగజారింది, మందుకు లొంగని క్రిములు కనిపించాయి. తల తిరగడం వంటి దుష్ఫలితాలు వచ్చాయి.
>
> ముగింపు: ఈ రకం క్షయ ఉన్న యువ రోగుల్లో విశ్రాంతితో పాటు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చినప్పుడు ఆరు నెలల్లో మరణాలు తగ్గాయి, ఎక్స్‌రేలో మెరుగుదల పెరిగింది. తర్వాతి క్షీణతకు క్రిములు మందుకు లొంగకుండా పోవడం కారణం కావచ్చు.

ఇందులో నేపథ్యానికి రెండు వాక్యాలు చాలాయి. ఎక్కువ చోటు పద్ధతులకూ ఫలితాలకూ దక్కింది. మంచి సారాంశాల్లో పాళ్లు ఇలాగే ఉంటాయి. పాత పేరాలను మార్చేటప్పుడు నేపథ్యమే పొడుగ్గా మిగిలితే, పాఠ్యపుస్తకంలో దొరికే సాధారణ సంగతులు ఇంకా అందులో ఉండిపోయాయని గ్రహించాలి.

కొత్త రూపం పాతదానికంటే కాస్త పెరిగింది. ఇది మామూలే. మార్పులో మాటలు తగ్గుతాయి, సమాచారం పెరుగుతుంది. అయితే పత్రికలు హద్దు పెడతాయి. ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ 250 పదాలకు, ‘జామా’ 350 పదాలకు మించనివ్వవు. హద్దు దాటితే మొదట నేపథ్యాన్ని, తర్వాత ముఖ్యం కాని కొలతలను తగ్గించాలి. రోగుల సంఖ్యను, ప్రధాన ఫలితాన్ని, దుష్ఫలితాల ప్రస్తావనను మాత్రం తీసేయకూడదు.

శీర్షికల పేర్లు కూడా అన్ని పత్రికల్లోనూ ఒకటి కావు. ‘ది లాన్సెట్’ ఫలితాలను కనుగొన్న విషయాలు అనీ, ముగింపును అన్వయం అనీ అర్థం వచ్చే పేర్లతో పిలుస్తుంది. మన దేశంలో వెలువడే ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’ మొదటి శీర్షికలోనే నేపథ్యంతో పాటు ఉద్దేశాలను కూడా చేరుస్తుంది. ‘బీఎంజే’ పద్ధతులను ఇంకా విడదీసి పరిశోధన రూపం, జరిగిన చోటు, పాల్గొన్నవారు వంటి శీర్షికలు అడుగుతుంది. పంపిస్తున్న పత్రిక ఏది అడుగుతుందో చూసి పేర్లు మార్చుకోవాలి. లోపలి పంపకం మాత్రం అన్నిటికీ ఒకటే.

అంకెలను సరిచూడటం

రాయడం పూర్తయ్యాక అంకెల వంతు వస్తుంది. సారాంశంలోని ప్రతి అంకె కింద గీత గీసి, పత్రంలో అది ఏ పట్టికలో, ఏ వరుసలో ఉందో వెతికి పక్కన రాసుకోవాలి. శాతాలను మళ్లీ లెక్కవేయాలి. 4ను 55తో భాగిస్తే 7.3 శాతం, 14ను 52తో భాగిస్తే 26.9 శాతం. 28ని 55తో భాగిస్తే 50.9, 4ను 52తో భాగిస్తే 7.7. నాలుగూ సరిపోయాయి. 55, 52 కలిపితే 107 వస్తుంది, అదీ సరిపోయింది. మొత్తం కలవకపోతే మధ్యలో మానేసినవారినో చనిపోయినవారినో లెక్కలో వదిలేశారని అర్థం. 109 మంది 107 ఎలా అయ్యారో పత్రం చెప్పింది కాబట్టి ఇక్కడ ఆ అనుమానం లేదు.

ఈ తనిఖీ అతి జాగ్రత్త కాదు. పేరున్న ఆరు వైద్య పత్రికల సారాంశాలను రాయ్ పిట్కిన్ తదితరులు వాటి పత్రాలతో సరిపోల్చి 1999లో ‘జామా’లో ఫలితాలు ప్రకటించారు. పత్రంతో పొసగని అంకెలో, పత్రంలో అసలే లేని అంకెలో ఉన్న సారాంశాలు పత్రికను బట్టి 18 నుంచి 68 శాతం దాకా ఉన్నాయి. పత్రాన్ని చివరి నిమిషంలో సవరించి సారాంశాన్ని సవరించడం మరిచిపోయినా ఇలాంటి తేడా వస్తుంది. శీర్షికలు పెట్టినంత మాత్రాన తప్పుడు అంకె ఒప్పు కాదు, దాన్ని పట్టుకోవడం మాత్రం తేలికవుతుంది.

ముగింపు దగ్గర జాగ్రత్త

ఎక్కువ తప్పులు జరిగే చోటు చివరి శీర్షిక. అక్కడ ప్రతి మాటా ఫలితాల శీర్షిక కింద ఉన్న ఏదో ఒక వాక్యం మీద నిలబడాలి. ఈ కొలతతో చూస్తే పాత పేరాలోని 10వ వాక్యం నిలబడదు. కొత్త యుగం మొదలైందని చెప్పే ఫలితం ఏదీ పైన లేదు. 1వ వాక్యం కూడా ఉన్నదున్నట్టు నిలబడదు. ‘ఊపిరితిత్తుల క్షయకు పనిచేస్తుంది’ అంటే ముసలివారికీ, ముదిరిపోయిన జబ్బుకూ కూడా వర్తిస్తుందన్న అర్థం వస్తుంది. పరీక్షించింది మాత్రం ఒక రకం జబ్బున్న యువతను, అదీ ఆరు నెలలు. అందుకే తిరగరాసిన ముగింపులో ఎవరిలో, ఎంతకాలంలో అన్న రెండు హద్దులూ చేరాయి.

ఫలితం అనుకూలంగా రానప్పుడు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ఇసబెల్ బూట్రాన్ తదితరులు 2010లో ‘జామా’లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రధాన ఫలితంలో గణాంకాల పరంగా చెప్పుకోదగ్గ తేడా రాని 72 పరీక్షల పత్రాలను పరిశీలించారు. వాటిలో 58 శాతం సారాంశాల ముగింపుల్లో చికిత్స మంచిదే అనిపించేలా మాటలు తిప్పి రాశారని తేలింది. ఇలాంటి ముగింపును పట్టుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఉద్దేశ వాక్యాన్నీ ముగింపు మొదటి వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. అడిగిన ప్రశ్న ఒకటి, చెప్పిన జవాబు మరొకటి అయితే ఎక్కడో దారి తప్పారని తెలిసిపోతుంది. స్ట్రెప్టోమైసిన్ సారాంశంలో విశ్రాంతి ఒక్కటే ఇచ్చినదానికంటే మేలు కలుగుతుందా అన్నది ప్రశ్న. ఆరు నెలల్లో మరణాలు తగ్గాయి, మెరుగుదల పెరిగింది అన్నది జవాబు. రెండూ ఒకదానికొకటి సరిపోయాయి.

‘ఆరు నెలల్లో’ అన్న చిన్న మాట ఎంత అవసరమో కాలమే చూపించింది. అదే రోగులను ఐదేళ్లు గమనించి 1954లో ఫలితాలు ప్రకటించారు. మందు అందిన 55 మందిలో 32 మంది, అందని 52 మందిలో 35 మంది అప్పటికి చనిపోయారు. మొదట్లో కనిపించిన పెద్ద తేడా చాలావరకు చెరిగిపోయింది. క్రిములు మందుకు లొంగకుండా పోకుండా ఉండాలంటే స్ట్రెప్టోమైసిన్‌తో పాటు మరో మందు కూడా ఇవ్వాలని ఆ తర్వాతి పరీక్షలు చూపించాయి. ఐదేళ్ల అంకెలు వేరే పత్రానివి కాబట్టి 1948 సారాంశంలో వాటికి చోటు లేదు. కానీ ఆనాటి ముగింపులో ఆరు నెలలు అన్న హద్దు ఉంటే ఆ ముగింపు ఈనాటికీ నిజమే, హద్దు లేకుండా ‘క్షయను నయం చేస్తుంది’ అని రాసి ఉంటే ఆరేళ్లలోనే అబద్ధమయ్యేది.